గ్రూపు కామెంట్లు తీసేస్తే ఎన్ని మిగులుతాయి?

ప్రశ్న: సర్, నేను తెనాలిలో బీబీఏ ఫైనలియర్ చదువుతున్నాను. మా పెద్దమ్మ పచ్చళ్ల వ్యాపారానికి ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేనే చూస్తున్నాను. రెండు నెలల క్రితం, ఒకరి పోస్టులకి ఒకరు కామెంట్లు రాసుకునే 35 మంది కామెంట్ ఎక్స్ఛేంజ్ గ్రూపులో చేరాను. ప్రతి పోస్టుకీ ముప్పైకి పైగా కామెంట్లు వస్తున్నాయి కానీ ఆర్డర్లు పెరగలేదు. కొనసాగాలా? రెజ్యూమేలో దీన్ని చూపించవచ్చా? స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

జవాబు: గ్రూపులోంచి బయటికి వచ్చేయండి. కారణం మీరు పంపిన స్క్రీన్‌షాట్లలోనే ఉంది.

గోంగూర ఫొటోకి 36 కామెంట్లు, ఆవకాయ ముక్కలు కొడుతున్న వీడియోకి 41. పైపైన చూస్తే పెద్ద తేడా లేదు. కానీ రెండింటికీ మొదటి అరగంటలోనే అవే 33 పేర్లు కనిపిస్తున్నాయి. "సూపర్", "నైస్ షేర్", మూడేసి మంట బొమ్మలు. వాటిని తీసేస్తే గోంగూరకి మిగిలినవి 3, ఆవకాయకి 8. ఆ 8లో ఐదుగురు ధర ఎంతని, హైదరాబాద్‌కి కొరియర్ చేస్తారా అని అడిగారు. అంటే కత్తిపీట మీద కాయ టెంకతో సహా తెగే ఆ వీడియో జనాన్ని ఆపింది. గోంగూర ఫొటో ఆపలేదు. రెండు నెలలుగా ఈ తేడా మీకు కనపడకుండా చేసింది ఆ 33 కామెంట్లే. ఏ పోస్టు పెట్టినా అవి ఎలాగూ వస్తాయి, కాబట్టి ఏది పనిచేసిందో తెలిసే దారి లేదు.

ఇంకో నష్టం లోపల జరుగుతుంది. ఒక పోస్టుని ఎవరు ఇష్టపడుతున్నారో చూసి, అలాంటివాళ్లకే మరికొంతమందికి చూపించడం ఇన్‌స్టాగ్రామ్ పద్ధతి. మీ గ్రూపులో సూరత్ చీరల రీసెల్లర్, జిమ్ ట్రైనర్, ట్రేడింగ్ క్లాసులు చెప్పే ఆయన ఉన్నారు. పచ్చడి కొనేవాళ్లు ఇలా ఉంటారని మీరే దానికి తప్పుగా నేర్పుతున్నారు. పైగా కొత్తవాళ్లకి చేరడానికి కామెంట్ల సంఖ్య ఒక్కటే చాలదు. ఎంతసేపు చూశారు, ఎంతమంది వేరేవాళ్లకి పంపారు అన్నవి చాలా ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025లో బహిరంగంగానే చెప్పారు. గ్రూపు వాళ్లు వీడియో పూర్తిగా చూడరు. కామెంట్ పడేసి తరువాతి లింకుకి వెళ్లిపోతారు. మీరూ అంతే కదా!

దీనికి డబ్బు ఖర్చయ్యేది యాడ్ పెట్టిన రోజున. "మన పేజీతో ఎంగేజ్ అయినవాళ్లు" అని ఆడియన్స్ తయారుచేస్తే అందులో గ్రూపు వాళ్లంతా ఉంటారు. వాళ్లను పోలినవాళ్లని వెతకమని లుకలైక్ పెడితే, పెద్దమ్మ ఇచ్చిన మూడు వేలూ పచ్చడి కొనని జనం మీద పోతాయి. పెద్ద కంపెనీకి ఈ 35 మంది వేలమందిలో కలిసిపోతారు. మీకున్న 600 ఫాలోవర్లలో, రోజూ కదిలేది దాదాపు వాళ్లే. చిన్న బ్రాండ్‌కి దెబ్బ ఎక్కువ తగిలేది అందుకే. యాడ్ పెట్టాలనుకుంటే, పేజీకి మెసేజ్ పంపినవాళ్లతో వేరే ఆడియన్స్ చేసే వీలుంది, అది వాడండి.

మీ టైమ్ సంగతీ చూడండి. రోజూ 34 పోస్టులకి తిరిగి కామెంట్ రాయాలి. ఒక్కోదానికి నిమిషంన్నర వేసుకున్నా 51 నిమిషాలు, నెలకి పాతిక గంటలు. అన్నట్టు, లైకులూ ఫాలోవర్లూ కృత్రిమంగా పోగేయడం ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలకి విరుద్ధం కూడా. 2018లో ఇలాంటి గ్రూపులు కొన్నింటిని ఫేస్‌బుక్ తీసేసింది. ఇప్పుడు మీ గ్రూపుని పట్టుకుంటారో లేదో నేను చెప్పలేను గానీ, పట్టుకోకపోయినా పైన చెప్పిన నష్టం ఆగదు.

గ్రూపంతా గుంటూరు జిల్లా వంటల పేజీల వాళ్లే అయితే ఇంత నష్టం ఉండదు, ఒప్పుకుంటాను. వాళ్లని చూసేవాళ్లు పచ్చడి కొనే అవకాశం ఉంది. కానీ అప్పుడు కూడా లెక్క తప్పే వస్తుంది.

రెజ్యూమేలో "ఎంగేజ్‌మెంట్ పెంచాను" అని రాయకండి. ఓ కుర్రాడు అలాగే రాసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాడు. అవతలివాళ్లు ఫోన్‌లో పేజీ తెరిచి, వరసగా మూడు పోస్టుల కామెంట్లు చదివి, "ఈ పదిమందీ ఎవరు?" అని అడిగారు. నా దగ్గరికొచ్చి చెప్పుకున్నాడు. దానికి బదులు "గ్రూపు కామెంట్లు తీసేసి చూస్తే ధర అడిగినవాళ్లు గోంగూర పోస్టుకి లేరు, ఆవకాయ వీడియోకి ఐదుగురు, అందుకని వీడియోల వైపు మారాను" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. దాని మీద పది నిమిషాలు మాట్లాడగలరు.

బయటికొచ్చాక మొదటి పోస్టుకి నాలుగు కామెంట్లే వస్తాయి. "ఏమైందే?" అని పెద్దమ్మ టెన్షన్ పడకముందే విషయం చెప్పేయండి. ఇంకొకటి, ధర అడిగిన ఆ ఐదుగురిలో ఇద్దరికి మీరు జవాబిచ్చినట్టు స్క్రీన్‌షాట్లలో లేదు. సూరత్ ఆవిడ చీరకి కామెంట్ రాసే ముందు వాళ్లకి రాయండి.