అడుగు గోడకు ఎన్ని ఇటుకలు?

*సార్, అనంతపురం పక్కన మా స్థలానికి ప్రహరీ కట్టించాలి. రాతి పునాది, గేటు స్తంభాలు అయిపోయాయి. గోడ మూడు వైపులా కలిపి 110 అడుగులు, అందులో గేటుకు 10 అడుగులు పోతుంది. ఎత్తు 5 అడుగులు, మందం 9 అంగుళాలు, రెండు వైపులా ప్లాస్టరింగ్. మేస్త్రీ 5,500 ఇటుకలు, 40 బస్తాల సిమెంటు, మూడు ట్రాక్టర్ల ఇసుక అంటున్నాడు. ఇటుక 8 రూపాయలు (9×4×3 అంగుళాలు), బస్తా 350, ట్రాక్టరు ఇసుక (100 ఘనపుటడుగులు) 4,500. అంతా కలిపి 71,500. నా దగ్గర చీటీ డబ్బు 60,000 ఉంది. కూలికి వేరే పెట్టుకున్నాను. తక్కువ పడినదానికి గొలుసు కుదువ పెట్టాలా? ఇంకో బట్టీలో ఇటుక 7 రూపాయలకే ఇస్తామంటున్నారు, సైజు 8.5×4×2.5. అది తీసుకుంటే సరిపోతుందా?*

గొలుసు మెడలోనే ఉంచుకోండమ్మా. 7 రూపాయల ఇటుక జోలికి కూడా పోకండి, అదే మీకు ఖరీదు పడుతుంది.

ముందు ఇటుకల లెక్క. ఇటుకను గోడలో పెట్టాక దాని పక్కన, పైన అర అంగుళం మాలు సందు వస్తుంది. అంటే 9×3 ముఖం గోడ మీద 9.5×3.5 చోటు తీసుకుంటుంది, 33.25 చదరపు అంగుళాలు. చదరపు అడుగులో 144 ఉంటాయి. భాగించి చూస్తే అడుగుకు 4.33 ఇటుకలు. మీది 9 అంగుళాల గోడ కాబట్టి ఇటుకలు జంటగా నడుస్తాయి, అందుకని 8.66. గేటు తీసేస్తే గోడ 100 అడుగులు, 5 అడుగుల ఎత్తు, 500 చదరపు అడుగులు. మొత్తం 4,330. విరిగేవాటికి నూటికి 5 కలిపితే 4,550.

మరి మేస్త్రీకి 5,500 ఎక్కడినుంచి వచ్చాయి? గేటుతో సహా 550 చదరపు అడుగులు పట్టి, అడుగుకు పది చొప్పున వేసి ఉంటాడు. మోసం అనను. చిన్న ఇటుకతో కట్టినన్నాళ్లూ ఆ పది అనే లెక్క దాదాపు సరిపోయేది. ఇటుక మారినా నోటిలెక్క మారలేదు, అంతే.

ఆ చిన్న ఇటుక మీకు 7 రూపాయలకు చెప్పినదే. దాని ముఖం సందుతో కలిపి 9×3, అడుగు గోడకు జంటగా 10.67 పడతాయి. ఒక చదరపు అడుగు గోడకు ఇటుకల ఖర్చు దాదాపు 75 రూపాయలు. 8 రూపాయల ఇటుకతో అయితే 69. మొత్తం గోడకు తరుగుతో కలిపి చిన్నవి 5,600 కావాలి, 39,200 రూపాయలు. పెద్దవి 36,400 దగ్గర ఆగిపోతాయి. సందులు ఎక్కువ కాబట్టి మాలు కూడా చిన్నవాటికే ఎక్కువ తాగుతుంది. వెయ్యికి ఎంత అని బేరం ఆడేచోట, అడుగు గోడకు ఎంత అని లెక్కేసుకుంటే ఈ తేడా కనపడుతుంది. వాళ్లు చెప్పిన సైజును నమ్మకుండా ఓ పది ఇటుకలు వరసగా పేర్చి టేపు పెట్టండి. బట్టీలో కాలేటప్పుడు కుంచించుకుపోతాయి, ఒక్కటి కొలిస్తే తెలియదు.

సిమెంటు, ఇసుక ఇంకో దారిలో వస్తాయి. 500 చదరపు అడుగుల గోడ, ముప్పావు అడుగు మందం, 375 ఘనపుటడుగులు. అందులో ఇటుకలు ఆక్రమించేది సుమారు 271. మిగిలిన 104 మాలు. తడి మాలు పొడిగా ఉన్నప్పుడు ఎక్కువ చోటు పట్టుకుంటుంది, అందుకే 1.3తో గుణిస్తాం: 135. 9 అంగుళాల గోడకు ఒకటికి ఆరు పాళ్లు చాలు. ఏడు వాటాల్లో ఒకటి సిమెంటు, 19 ఘనపుటడుగులు. ఆరు ఇసుక, 116. ప్లాస్టరింగ్ రెండు వైపులా 1,000 చదరపు అడుగులు. అర అంగుళం మందం, ఎగుడుదిగుడు సందుల్లోకి పోయేది కలుపుకుని, ఒకటికి ఐదు పాళ్లతో ఇంకో 11 సిమెంటు, 54 ఇసుక. మొత్తం సిమెంటు 30 ఘనపుటడుగులు. 50 కిలోల బస్తా ఒకటింపావు ఘనపుటడుగు కాబట్టి 24 బస్తాలు. తరుగు, గోడ పైఅంచు కలిపి 27 అనుకోండి. ఇసుక 170. జల్లెడలో పోయేది, నేలలో కలిసేది నూటికి 15 వేస్తే 195, అంటే రెండు ట్రాక్టర్లు.

మేస్త్రీ 40 బస్తాలు అన్నాడంటే పాళ్లు ఎంతో అడగండి. గోడకూ ప్లాస్టరింగ్‌కూ ఒకటికి నాలుగు కలిపినా, తరుగుతో సహా 35, 36 దాటవు. బలం కోసం అని ఎక్కువ వేస్తే ప్లాస్టరింగ్ సన్నగా నెర్రెలు ఇస్తుంది, డబ్బు పోయి ఆ ముచ్చటా తీరదు.

ఇటుకలు 36,400, సిమెంటు 9,450, ఇసుక 9,000. మొత్తం 54,850.

ఈ లెక్క తప్పేది ఇసుక దగ్గర. తడి ఇసుక పొంగుతుంది. ట్రాలీ నిండుగా కనపడుతుంది, లోపల సరుకు ఉండదు. గాజు సీసాలో ఆరు వేళ్ల ఎత్తు ఇసుక పోసి, నీళ్లు పోసి బాగా కలిపి వదిలేయండి. అది ఐదు వేళ్లకు దిగిందంటే నూటికి 20 పొంగు ఉన్నట్టే. అలాంటి రెండు ట్రాలీల్లో అసలు ఇసుక 167 మాత్రమే. మీకు మూడో ట్రాక్టరు తప్పదు.

కొనే వరస కూడా చూసుకోండి. ఇటుకలు ఒకే బట్టీనుంచి ఒక్కసారే తెప్పించండి. మా ఇంటి గోడకు 300 తక్కువపడి ఇంకోచోట తెచ్చాను. అవి పావు అంగుళం పొట్టి, ఆ తేడా అంతా మాలుతో నింపారు. ట్రాక్టరునుంచి గుమ్మరించనివ్వకండి, చేతికి చేయి అందించి దించమనండి. నూటికి 5 తరుగు అలా దించితేనే, గుమ్మరిస్తే ఇంకా ఎక్కువే విరుగుతాయి. సగం ముక్కలు మూలల్లో పనికొస్తాయి, పారేయనివ్వకండి. సిమెంటు మాత్రం ముందు 15 బస్తాలే తీసుకోండి. మిగిలిన ఇటుక పనికొస్తుంది, గడ్డకట్టిన బస్తా ఎందుకూ పనికిరాదు.

నాలుగు వరసలు పూర్తయ్యాక ఒకసారి టేపు పట్టుకుని వెళ్లండి. ఎత్తు 14 అంగుళాలు ఉండాలి, అప్పటికి ఇటుకలు సుమారు 1,010 అయి ఉండాలి. ఎత్తు 15 వచ్చిందంటే సందులు లావుగా వేస్తున్నాడు. ఇటుకలు కాస్త మిగులుతాయి కానీ సిమెంటు, ఇసుక నా లెక్క దాటిపోతాయి. ఆ రోజే చెబితే సరిచేస్తాడు, గోడ లేచాక చెప్పి లాభం లేదు.

ఇసుక పొంగుదే వచ్చి మూడో ట్రాక్టరు తెప్పించినా 59,350. చీటీ డబ్బులోనే అయిపోతుంది.