జేజి గుడ్ మార్నింగ్ బొమ్మకు రోజూ ఏం జవాబియ్యాల?

మా జేజి ఆదోనిలో ఉంటాది. రోజూ పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో దేవుని బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతాది. నేను బెంగళూరులో ఉండా. రోజూ ఆ రెండు చేతుల దండమే పెట్టి పెట్టి నాకే మొక్కుబడిగా అనిపిస్తాంది. కొత్తగా ఏం రాయాల?

జవాబు:

కొత్త మాటల కోసం వెతకొద్దు, రెండు వారాల్లో అయిపోతాయి. జేజి చెప్పే మాటల్లోంచే మరుసటి రోజు జవాబు తీసుకోండి. బొమ్మలో కనబడే ఒక్కదాన్ని పట్టుకుని, దానికి ఆమె ఇంటి సంగతి ఒకటి కలిపి అడగండి. రెండు లైన్లు దాటొద్దు.

గురువారం రాఘవేంద్రస్వామి బొమ్మ వచ్చిందనుకోండి. "జేజీ, పొద్దున్నే మంత్రాలయం చూపించినావు. ఈ పొద్దు ఇంట్లో ఏం పని పెట్టుకున్నావు?" అని రాయండి. ఆమె "చెనక్కాయలు ఒలుస్తాండా" అని వాయిస్‌లో చెప్తాది. శుక్రవారం లక్ష్మీదేవి బొమ్మ కింద, "అమ్మవారు కళగా ఉంది జేజీ. నిన్నటి చెనక్కాయలతో ఊరిబిండి నూరినావా, లేక అన్నీ డబ్బాలోకేనా?" అనండి. నిన్న చెప్పింది మనవడికి గుర్తుందని ఆమెకు తెలిసేది ఇక్కడే. శనివారం వెంకటేశ్వరస్వామి బొమ్మకు రాయడం మానేసి, పది సెకన్ల వాయిస్ పెట్టండి: "గోవిందా జేజీ! ఊరిబిండి నాకు పెట్టకుండా అంతా తినేసినారా?" కళ్లద్దాలు వెతుక్కునే పని లేకుండా వింటాది, పక్కింటామెకూ వినిపిస్తాది.

ప్రశ్న ఒక్కటే ఉండాల, ఆమె సులువుగా ఏదో ఒక సంగతి చెప్పగలిగేదిగా ఉండాల. "ఎట్లుండావు?" అంటే "బాగుండా" అని అక్కడికే ఆగిపోతాది. షుగరు, మోకాళ్ల నొప్పి, డబ్బుల సంగతి గ్రూపులో ఎత్తొద్దు. అత్తలూ చిన్నాయనలూ తలా ఒక వైద్యం చెప్పి ఆమెను విసిగిస్తారు. అవి విడిగా అడగండి.

జవాబు పెట్టేటప్పుడు వాట్సాప్‌లో ఆ బొమ్మనే కుడివైపుకు జరిపి, దాని కిందనే రాయండి. లేకపోతే మీరు లేచేసరికి వచ్చిన పది మెసేజ్‌ల అడుగున పడి, ఎవరికి రాసినారో ఆమెకు తెలీదు. బొమ్మ మీద వేలు నొక్కిపట్టి పెట్టే గుండె గుర్తు చిన్నగా మూలకు పడతాది. పెద్దోళ్లు చాలామంది దాన్ని గమనించరు. తిరిగి ఇంకో గుడ్ మార్నింగ్ బొమ్మ పంపడం అన్నిటికంటే దండగ, ఆమె ఫోను నిండడానికే పనికొస్తాది.

తీరిక లేని రోజు దండమే పెట్టండి, తప్పేం లేదు. కాకపోతే వరసగా మూడు రోజులు వద్దు. అప్పటికప్పుడు జవాబియ్యలేని ప్రశ్న ఆమె అడిగి ఉంటే మాత్రం, ఆ పొద్దు దండం ఒక్కటే పెడితే తప్పించుకున్నట్టు ఉంటాది; "సాయంత్రం చెప్తా జేజీ" అని రాసి, సాయంత్రం చెప్పండి.

ఎనిమిదైనా బొమ్మ రాకపోతే గ్రూపులో "జేజి ఏది?" అని కలవరం పెట్టకుండా నేరుగా ఫోన్ చెయ్యండి. చాలాసార్లు నెట్ ప్యాక్ అయిపోయి ఉంటాది. రీఛార్జ్ మీరే చేసెయ్యండి.