జీతాల పట్టీలో చూసిన అంకె మెయిల్‌లో వద్దు

"తాడిపత్రిలో ఒక గ్రానైట్ పరిశ్రమలో నాలుగేళ్లకు పైగా అకౌంట్స్ చూస్తున్నాను. జీఎస్‌టీ రిటర్నులూ నావే. మొత్తం జీతం 24,000, చేతికి 22,000 వస్తుంది. పోయిన నెల చేరిన కుర్రాడికి నాకన్నా వెయ్యి ఎక్కువని జీతాల పట్టీ తయారు చేస్తుంటే తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సంగతి, పాప ఫీజు, ఇంటి అద్దె అన్నీ రాసి మేనేజరు గారికి మెయిల్ సిద్ధం చేశాను. మా ఆయన 'ఉన్నది ఊడగొట్టుకుంటావా' అంటున్నారు. పంపమంటారా?" – ఒక సోదరి

అమ్మా, పంపండి. కానీ ఆ మెయిల్ కాదు.

ఆ కుర్రాడి జీతం మీ కంటబడింది మీ మీద నమ్మకంతో అప్పగించిన పనిలో. అది రాసిన క్షణం నుంచి మేనేజరు మీ జీతం గురించి ఆలోచించరు, ఈ పట్టీ ఇంకెవరి చేతికి ఇవ్వాలా అని ఆలోచిస్తారు. మీ బాధ న్యాయమైనదే. అది మీకు అడిగే ధైర్యం ఇస్తే చాలు, కాగితం మీదికి రానక్కర్లేదు. ఫీజు, అద్దె కూడా తీసేయండి. అవి చదివితే ఆయన "కావాలంటే అడ్వాన్స్ తీసుకో అమ్మా" అంటారు, మీ కోరిక అక్కడితో ముగిసిపోతుంది.

వాటి చోట మీ పని కనబడాలి. మనకు సరుకు అమ్మినవారు చూపిన బిల్లుల జాబితాగా ప్రతి నెలా 14న వచ్చే జీఎస్‌టీఆర్-2బిని బిల్లులతో సరిచూసేది మీరే కదా. బ్లేడ్లు, పాలిషింగ్ సామగ్రి అమ్మినవారు తమ రిటర్నులో బిల్లు చూపకపోతే దాని మీద మనం కట్టిన పన్ను మనకు క్రెడిట్‌గా రాదు, ఆ మేరకు పన్ను నగదుగా కట్టాలి. మీరు వెంటపడి ఫోన్లు చేశాక ఆగిపోయిన క్రెడిట్ ఎంత తగ్గిందో పాత ఫైళ్లు తీసి లెక్క కట్టండి. అయితే "ఇంత లాభం తెచ్చాను" అనకండి. అది ఇరుక్కున్న సొమ్ము, మీరు విడిపించారు. లెక్క తెలిసిన మేనేజరు ఆ తేడా వెంటనే గమనిస్తారు.

ఇక బయటి జీతాల సంగతి. బెంగళూరు ప్రకటనలు చూపించవద్దు. "అయితే అక్కడికే వెళ్లు" అనడం చాలా తేలిక. అనంతపురం, తాడిపత్రి, కర్నూలులో ఇదే పనికి వచ్చిన మూడు నాలుగు ప్రకటనలు చాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మాటవరసకు ప్రకటనలో 30,000 అని ఉంటే, అది సీటీసీ, అంటే ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు అయితే అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్ కూడా కలిసి ఉంటుంది. మూల వేతనం 15,000 అనుకుంటే 12 శాతం లెక్కన అది 1,800. మీ వాటా మరో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 26,200. మీ 22,000తో నిజమైన తేడా 8,000 కాదు, 4,200. ఆ పద్ధతిలో మీ సీటీసీ ఇప్పుడు 25,800. రెండు వైపులా సీటీసీనే పోల్చండి.

ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా మెయిల్ ఇంత ఉంటే చాలు. అంకెలు మాత్రం మీ ఫైళ్లలోవే పెట్టండి:

"సార్, నమస్కారం. చేరినప్పుడు నా పని బిల్లుల నమోదు మాత్రమే. రెండేళ్లుగా జీఎస్‌టీ రిటర్నులు, జీతాల పట్టీ కూడా చూస్తున్నాను. 2బిలో కనబడక ఆగిన క్రెడిట్ అప్పట్లో నెలకు సుమారు 1,80,000 ఉండేది, ఇప్పుడు 20,000 లోపే ఉంటోంది. ఈ మధ్య ఏ రిటర్నూ ఆలస్యం కాలేదు. మన ప్రాంతంలో ఇదే పనికి ప్రకటించిన జీతాలు చూశాక, నా మొత్తం జీతం 24,000 నుంచి 28,500కు సవరించమని కోరుతున్నాను. వివరాలు జతచేశాను. మీకు వీలైన రోజు పదిహేను నిమిషాలు మాట్లాడగలను."

ఒకే అంకె అడగండి. "27 నుంచి 29" అని రాస్తే వారికి 27 మాత్రమే కనబడుతుంది. ఎంతకు ఒప్పుకుంటారో అది మీ మనసులో ఉండనివ్వండి. ఏప్రిల్ పెంపు ఖరారు కాకముందే, నెలవారీ పన్ను రిటర్ను జీఎస్‌టీఆర్-3బి గడువైన 20వ తేదీ దాటాక పంపండి. ఆ ముందు వారంలో ఆయనకూ మీకూ తీరిక ఉండదు.

మీ ఆయన భయం తీసిపారేయదగినది కాదు. రాజీనామా బెదిరింపు లేని మెయిల్ ఇదని ఆయనకు చదివి వినిపించండి. నిజానికి ఇప్పుడు మానేస్తే మీకే నష్టం. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిండాలి. మీ మూల వేతనం 15,000 అనుకుంటే ఐదేళ్లకు అది సుమారు 43,000. దాన్ని కోపంలో వదులుకోకండి.

పది రోజుల్లో జవాబు రాకపోతే స్వయంగా వెళ్లి అడగండి. "చూద్దాం" అంటే "ఏ నెలలో సార్?" అని అడిగి, ఆయన చెప్పిన నెలను ఆ సాయంత్రమే ధన్యవాదాలతో మెయిల్‌లో రాసి పంపండి.