ఒక బోల్టు చేతికిచ్చి 'ఎందుకు ఫోర్జ్ చేస్తారు' అని అడిగితే

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫోర్జింగ్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఒక బోల్టు చేతికిచ్చి, "దీన్ని లేత్ మీద కోసి చేయొచ్చుగా, ఫోర్జ్ చేయడం ఎందుకు?" అని అడిగారు. "బలం పెరుగుతుంది సర్" అన్నాను. "ఎలా?" అంటే నోరు పెగల్లేదు. రెండో రౌండుకు పిలిచారు. ఏం చదవాలి?

జవాబు: కొత్త పుస్తకాలేవీ వద్దు. ఆ బోల్టునే పట్టుకోండి. రోలింగ్, ఫోర్జింగ్, ఎక్స్‌ట్రూజన్ మూడూ అందులోనే ఉన్నాయి.

అది M10 బోల్టు అనుకుందాం. స్టీల్ బిల్లెట్‌ను 1,100–1,200 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి, రోల్స్ మధ్య నడిపి సన్నని రాడ్‌గా సాగదీస్తారు. ఇది హాట్ రోలింగ్. స్టీల్‌లో ఉండే మాంగనీస్ సల్ఫైడ్ లాంటి మలినాలు, పోత పోసినప్పుడు రసాయన కూర్పులో మిగిలిన తేడాలు అప్పుడే పొడవునా సాగి, చెక్కలో పోగుల్లా గీతలు కడతాయి. గ్రెయిన్ ఫ్లో అంటే ఈ గీతలే. చాలామంది విద్యార్థులు పొరబడేది ఇక్కడే, సాగిన గ్రెయిన్లే ఈ గీతలనుకుంటారు. వేడిలో గ్రెయిన్లు మళ్లీ కొత్తగా పుడతాయి, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌లో ఇంకోసారి మారతాయి. గీతలు మాత్రం పోవు. ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే సగం జవాబు చెప్పినట్టే.

రాడ్‌ను అనీల్ చేసి మెత్తబరిచి, డైలోంచి లాగి సుమారు 9.8 మిల్లీమీటర్ల తీగ చేశారనుకోండి. ఇక పనంతా గది ఉష్ణోగ్రతలోనే. M10 షట్కోణపు తల వెడల్పు 16 మి.మీ., ఎత్తు 6.4 మి.మీ. అంటే దాదాపు 1,400 ఘన మిల్లీమీటర్ల లోహం కావాలి. అందుకు తీగను సుమారు 19 మి.మీ. బయటికి ఉంచి దాని చివర మీద కొట్టాలి. ఇదే కోల్డ్ ఫోర్జింగ్. ఆ పొడవు తీగ వ్యాసానికి రెండు రెట్ల లోపే ఉంది కాబట్టి సరిపోయింది. రెండుంబావు రెట్లు దాటిందా, ఒకే దెబ్బకు తీగ వంగిపోయి లోహం మడత పడుతుంది. ఆ మడతను షాపులో ల్యాప్ అంటారు. తల కింద మూలలో పడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే పొడవెక్కువైతే రెండు దెబ్బలుగా విడగొడతారు.

తర్వాత మరలు వచ్చే భాగాన్ని డైలోకి నెట్టి 9 మి.మీ.కి తగ్గిస్తారు. ఇది కోల్డ్ ఎక్స్‌ట్రూజన్. అడ్డుకోత వైశాల్యం 16 శాతం దాకా తగ్గుతుంది. డై కోణం ఎక్కువై, తగ్గింపు మరీ తక్కువైతే బయట నున్నగా కనబడుతూనే లోపల బాణం ఆకారంలో పగుళ్లు వస్తాయి. పైపైన చూస్తే తెలియదు. నిలువుగా కోసి చూడాలి, లేదా అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి.

ఇప్పుడు లేత్ సంగతి. 16 మి.మీ. షట్కోణపు కడ్డీ నుంచి 10 మి.మీ. కాడ తీస్తే, కాడ పొడవునా దాదాపు 65 శాతం లోహం చిప్స్‌గా పోతుంది. అది డబ్బు నష్టం. అసలు తేడా గీతల్లో ఉంది. ఫోర్జ్ చేసిన తలలో అవి కాడ నుంచి మూల చుట్టూ వంపు తిరిగి తలలోకి వెళతాయి. కోసిన బోల్టులో నిటారుగానే ఉంటాయి, తల అంచు కింద తెగిపోతాయి. బిగించినప్పుడు తలను ఊడబెరికే బలం ఆ నిటారు గీతల వెంబడే లోహాన్ని చీల్చాలని చూస్తుంది. గీతలకు అడ్డంగా లాగితే లోహం తన్యతా బలంలో పెద్దగా తగ్గదు గానీ సాగే గుణం, టఫ్‌నెస్, ఫెటీగ్ ఓర్పు బాగా తగ్గుతాయి. కాబట్టి ఊరికే "బలం పెరుగుతుంది" అనకండి, ఏ గుణం, ఏ దిశలో అన్నది చెప్పండి. కదలని భారం మోసే మామూలు బోల్టుకు ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదని కూడా చెప్పండి. నాలుగైదు బోల్టులే కావాలంటే డై చేయించడం కన్నా లేతే నయం.

మరల విషయంలో ఒక మెలిక ప్రశ్న రావచ్చు: హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు రోల్ చేయాలా, తర్వాతా? మరలను రోల్ చేస్తే గీతలు వాటి ఆకారాన్నే అనుసరిస్తాయి, పైగా మర అడుగున నొక్కుడు ఒత్తిడి నిలిచి ఫెటీగ్‌ను తట్టుకుంటుంది. అయితే రోల్ చేశాక హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే ఆ ఒత్తిడి పోతుంది, గీతలు మిగులుతాయి. ఫెటీగ్ ముఖ్యమైన బోల్టులకు హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాకే మరలు రోల్ చేసేది అందుకే. డైలు త్వరగా అరిగినా భరిస్తారు.

హాట్, కోల్డ్ తేడా అడిగితే డిగ్రీలు వల్లించకండి. హద్దు గీసేది ఆ లోహంలో కొత్త గ్రెయిన్లు పుట్టే రీక్రిస్టలైజేషన్ ఉష్ణోగ్రత. సీసం లోహాన్ని గది ఉష్ణోగ్రతలో కొట్టినా అది హాట్ వర్కింగే. టంగ్‌స్టన్‌కు 1,000 డిగ్రీల దగ్గర కూడా కోల్డే.

రెండో రౌండుకు ముందు మీ కాలేజీ మెటలర్జీ ల్యాబ్‌లో ఒక బోల్టును నిలువుగా కోయించి, నున్నగా పాలిష్ చేసి, సగం నీళ్లు సగం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న ద్రావణంలో 70 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి అరగంట ఎచ్ చేయించండి. ఫ్యూమ్ హుడ్ కింద, ల్యాబ్ సిబ్బంది చేత మాత్రమే. గీతలు కంటికే కనబడతాయి. ఫొటో తీసి తీసుకెళ్లండి. తల కింద మూల దగ్గర గీతలు వంపు తిరిగాయా, తెగాయా అన్నది మీ వేలితో చూపించగలగాలి. ఇంటర్న్‌షిప్‌లో విభాగం ఎంచుకోమంటే మొదట క్వాలిటీ ల్యాబ్ అడగండి. లోపాలున్న ముక్కలన్నీ అక్కడికే వస్తాయి. డై డిజైన్ ఆ తర్వాత నేర్చుకోవచ్చు.