దంపతుల మధ్య మౌనం: ప్రశాంతతా, దూరమా?

ప్రశ్న: పెళ్లయి పదేళ్లయింది. సాయంత్రాలు ఇద్దరం గంటసేపు మాటలు లేకుండానే కూర్చుంటాం. ఇది ప్రశాంతతా, దూరం పెరుగుతున్నదా? ఎలా తెలుస్తుంది?

జవాబు: మౌనం ఎంతసేపు సాగిందన్నది కాదు, ఒకరు దాన్ని కదిలించినప్పుడు రెండోవారు ఎలా స్పందిస్తారన్నదే తేడా చెబుతుంది. నమ్మకం కుదిరిన చోట ఎదుటివారిని మెప్పించాల్సిన పని, ఖాళీని మాటలతో నింపాల్సిన పని ఉండవు. అందుకే మనసు విశ్రాంతి తీసుకుంటుంది. దూరం పెరిగినప్పటి మౌనంలో మనసు కాపలా కాస్తుంది. ఏ మాట అంటే ఏ గొడవ వస్తుందోనని మాటను ముందే మింగేస్తాం.

ఉదాహరణకు, ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఆయన పేపరు చదువుతున్నాడు. "మబ్బు పట్టింది" అంటుంది ఆమె. ఆయన తలెత్తి ఆకాశం చూసి, "మేడ మీది బట్టలు తెస్తానుండు" అని లేస్తాడు. మళ్లీ ఇద్దరూ మౌనం. ఇది హాయైన మౌనమే. ఆ చిన్న మాట నిజానికి వాన గురించి కాదు, "నాతో ఉన్నావా?" అనే పిలుపు. ఆయన తల ఎత్తకపోయినా ఒక్కరోజుకు అది అలసటే కావచ్చు. వారాల తరబడి అలాగే సాగి, ఆమె చెప్పడమే మానేస్తే అది దూరం. ఆఫీసులో జరిగిన మంచీ చెడూ ముందుగా మరెవరికో చెప్పాలనిపించడం కూడా అలాంటి గుర్తే.

మాటలు తగ్గితే ప్రేమ తగ్గినట్టేనని చాలామంది పొరబడతారు. పిల్లల ఫీజులు, కరెంటు బిల్లుల గురించి రోజంతా మాట్లాడుకుంటూనే దూరమైనవాళ్లున్నారు. గొడవ తర్వాత పంతంతో పట్టిన మౌనాన్ని మాత్రం ప్రశాంతత అనుకోకూడదు.