గొంతులో బూడిద రంగు పొర కనిపిస్తే రేపటి దాకా ఆగవద్దు

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. మూడు రోజుల నుంచి గొంతు నొప్పి అంటోంది, ముద్ద మింగడం లేదు. జ్వరం మాత్రం వంద దాటలేదు. నోరు తెరిపించి చూస్తే లోపల బూడిద రంగు పొర ఉంది. దూదితో తుడిస్తే పోలేదు సరికదా, కొంచెం రక్తం వచ్చింది. ఇటుక బట్టీల పనికి ఊళ్లు తిరగడంతో చిన్నప్పటి టీకాలు వేయించలేకపోయాం. ఊళ్లో డాక్టరు గారు సిరప్ ఇచ్చి రెండు రోజులు చూద్దామన్నారు. ఆగవచ్చా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

సమాధానం: ఆగకండమ్మా. పాపను ఈ రోజే, ఈ గంటలోనే, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, గొంతు బొంగురుపోయినా సొంత ఏర్పాట్ల కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. మీరు చెప్పిన లక్షణాలు డిఫ్తీరియాను, అంటే మన పెద్దలు కంఠసర్పి అని పిలిచే జబ్బును, గట్టిగా అనుమానించేలా ఉన్నాయి. అది కాదని తేలితే మంచిదే. కానీ అది తేల్చవలసింది ఆసుపత్రిలోనే.

జ్వరం తక్కువగా ఉందన్న ధైర్యం ఈ జబ్బులో పనికిరాదు. మామూలు టాన్సిల్స్ వాపులో జ్వరం ఎక్కువగా వస్తుంది, టాన్సిళ్ల మీద పసుపు, తెలుపు రంగు చీము మచ్చలు కనిపిస్తాయి, అవి సాధారణంగా టాన్సిళ్లు దాటి పోవు. డిఫ్తీరియాలో జ్వరం తరచుగా కొద్దిపాటిగానే ఉంటుంది గానీ, బిడ్డ మాత్రం ఆ జ్వరానికి తగనంతగా నీరసించి, పాలిపోయి కనిపిస్తుంది. పొర మొదట తెల్లగా మొదలై బూడిద రంగుకు మారుతుంది. టాన్సిల్ దగ్గర ఆగకుండా కొండనాలుక మీదికి, అంగిలి వెనక భాగానికి పాకుతుంది. కింది కణజాలంలో అతుక్కుపోయి ఉండడం వల్లే తుడిచినప్పుడు ఊడిరాక రక్తం చిమ్మింది. ఇకపై దాన్ని ముట్టుకోకండి. చెంచా పెట్టి నాలుక నొక్కి చూడడం కూడా వద్దు. బిడ్డ ఏడిచి గింజుకుంటే పొర ముక్క ఊడి శ్వాసనాళానికి అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఆ సిరప్ సరిపోదా అన్న సందేహం మీకు తప్పక వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. డిఫ్తీరియా బ్యాక్టీరియా చాలావరకు గొంతులోనే ఉంటుంది. ఒళ్లంతా తిరిగేది అది తయారుచేసే విషం. ఆ విషం కణంలోకి దూరి, కణం బతకడానికి అవసరమైన ప్రొటీన్ల తయారీనే ఆపేస్తుంది. అలా చచ్చిన గొంతు కణాలు, రక్తం నుంచి ఊరి గడ్డకట్టిన పదార్థం, బ్యాక్టీరియా కలిసిందే మీరు చూసిన పొర. అదే విషం రక్తంలో కలిసి గుండె కండరాన్ని, నరాలను చేరుతుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపి కొత్త విషం పుట్టకుండా చేస్తుంది గానీ, అప్పటికే రక్తంలోకి వెళ్లినదాన్ని ఏమీ చేయలేదు. దాన్ని విరిచే మందు ఒక్కటే ఉంది: గుర్రాల రక్తం నుంచి తయారుచేసే యాంటీటాక్సిన్. అది కూడా రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. కణాల్లోకి వెళ్లిపోయిన విషాన్ని వెనక్కి లాగలేదు. అందుకే రెండు రోజులు ఆగి చూద్దాం అన్న మాట వేరే గొంతు నొప్పులకు చెల్లుతుందేమో గానీ, టీకాలు లేని బిడ్డ గొంతులో ఇలాంటి పొర కనిపించినప్పుడు చెల్లదు. మీ పాపకు ఇప్పటికే మూడు రోజులు గడిచాయి.

ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పవలసిన మాటలు మూడు: గొంతులో బూడిద రంగు పొర ఉంది, తుడిస్తే రక్తం వచ్చింది, టీకాలు వేయించలేదు. టీకాల సంగతి చెప్పడానికి మొహమాటపడకండి. డాక్టరు నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. పాపను విడిగా ఉంచి, ముందు ఊపిరి దారి చూస్తారు. గొంతు నుంచి నమూనా తీసి కల్చర్ పరీక్షకు పంపుతారు. ఆ ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, గొంతు చూసి గట్టి అనుమానం కలిగితే దానికోసం ఎదురుచూడకుండానే యాంటీటాక్సిన్ ఇవ్వడం సరైన పద్ధతి. దాని మోతాదు బిడ్డ బరువును బట్టి ఉండదు. పొర ఎంత పాకింది, జబ్బు మొదలై ఎన్ని రోజులైంది అన్నదాన్ని బట్టి సుమారు 20,000 యూనిట్ల నుంచి లక్ష యూనిట్ల దాకా ఉంటుంది. గుర్రపు ప్రొటీన్ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగించవచ్చు కనుక అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని, దగ్గరుండి గమనిస్తూ ఎక్కిస్తారు. దానితోపాటు అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, పెన్సిలిన్‌లలో తగినది ఇస్తారు. ఈ మందుల కోర్సు సాధారణంగా 14 రోజులు.

యాంటీటాక్సిన్ మామూలు మందుల షాపుల్లో దొరకదు, చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉండదు. పెద్ద ఆసుపత్రికి పంపాలని జిల్లా డాక్టర్లు చెబితే, అక్కడ మందు ఉందో లేదో ముందే ఫోన్‌లో కనుక్కోమని వారినే అడగండి. మీ వైపు నుంచి హైదరాబాదులోని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పంపడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. దారిలో పాపను వెల్లకిలా పడుకోబెట్టకుండా, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. ఏడిపించకండి. మెడ రెండు వైపులా ఉబ్బి దవడ గీత కనిపించకుండా పోతే అది జబ్బు తీవ్రమైందన్న గుర్తు. కొందరు దాన్ని గవదలు అనుకుని పొరపడతారు.

ఇంకొక విషయం నేను ప్రతి కుటుంబానికీ నొక్కి చెబుతాను. వారం తిరిగేసరికి పొర ఊడిపోయి, బిడ్డ అన్నం అడుగుతుంది. ఇంటికి పంపేయమని అడగాలనిపించేది అప్పుడే. కానీ గుండె దెబ్బతినడం తరచుగా మొదటి, రెండో వారాల మధ్య, గొంతు బాగుపడుతున్న సమయంలోనే బయటపడుతుంది. నాడి తప్పడం, కారణం లేకుండా వాంతులు, ఒళ్లు చల్లబడడం, లేచి నాలుగడుగులు వేయగానే సొమ్మసిల్లడం దాని గుర్తులు. అందుకే ఈసీజీ మళ్లీ మళ్లీ తీస్తారు, మంచం దిగనివ్వరు. నరాలు దెబ్బతింటే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది. కాళ్లూ చేతుల బలహీనత ఇంకా కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. ఈ బలహీనత ఎక్కువ మందిలో క్రమంగా తగ్గిపోతుంది, గుండె విషయంలో మాత్రం అంత భరోసా ఇవ్వలేం. డాక్టర్లు పంపిస్తామనే దాకా ఆసుపత్రిలోనే ఉండండి.

మీ ఇంట్లోని మిగతా పిల్లలు, పాపతో ఒకే గదిలో పడుకున్నవారు, బట్టీ దగ్గర కలిసి ఆడుకున్న పిల్లలు అందరి పేర్లూ ఆసుపత్రిలో చెప్పండి. వారికి జబ్బు లేకపోయినా గొంతు పరీక్ష చేసి, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇచ్చి, టీకా వేస్తారు. డిఫ్తీరియా ఒకసారి వచ్చిపోయినంత మాత్రాన మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడుతుందన్న నమ్మకం లేదు కనుక కోలుకున్నాక మీ పాపకు కూడా టీకాలు మొదలుపెట్టాలి. ఏడేళ్ల లోపు పిల్లలకు డీపీటీ మూడు మోతాదులు కనీసం నాలుగేసి వారాల ఎడంతో, ఆ తర్వాత బూస్టరు వేస్తారు. ఏడేళ్లు దాటినవారికి టీడీ వేస్తారు. పని కోసం ఏ ఊళ్లో ఉన్నా అక్కడి ఆశా కార్యకర్తకు చెబితే చాలు, టీకా ఉచితంగానే దొరుకుతుంది. కార్డు పోయిందని మాత్రం ఆగకండి.