అంచుల నునుపు పోకుండా స్ప్రైట్ రంగు మార్చడం ఎలా?

"నా గేమ్‌లో హీరో స్ప్రైట్‌కి ఎర్ర కేప్ ఉంది. రెండో ప్లేయర్ కోసం దాన్ని నీలం చేయాలి. GIMP లో ఎరుపుని సెలెక్ట్ చేసి నీలం నింపితే అంచుల చుట్టూ ఎర్రటి చుక్కలు మిగులుతున్నాయి. థ్రెషోల్డ్ పెంచితే అంచులు మెట్లు మెట్లుగా అయిపోతున్నాయి. యాంటీ అలియాసింగ్ పాడవకుండా మార్చే దారి ఉందా?"

ఉంది. నేను టీమ్ రంగుల స్ప్రైట్‌లన్నీ GIMP 2.10 లో ఈ పద్ధతిలోనే చేస్తాను. ముందు ఆ ఎర్ర చుక్కలు ఎందుకు మిగులుతున్నాయో చూద్దాం, అది తెలిస్తే ఏం చేయాలో దానంతట అదే తేలిపోతుంది.

మీ కేప్ ఎరుపు (200, 40, 40), దాని చుట్టూ ఉన్న ముదురు గీత (24, 20, 36) అనుకోండి. 800% జూమ్ చేసి ఆ రెండూ కలిసే చోట ఒక్క పిక్సెల్‌ని కలర్ పికర్‌తో చదవండి. (112, 30, 38) లాంటి అంకెలు కనిపిస్తాయి. అది ఎరుపూ కాదు, గీత రంగూ కాదు. సగం ఎరుపు, సగం గీత కలిస్తే సరిగ్గా ఆ అంకెలే వస్తాయి. దాని పక్కది (68, 25, 37) అయితే అందులో పావు వంతు ఎరుపు, ముప్పావు వంతు గీత ఉన్నట్టు. థ్రెషోల్డ్ 0 పెట్టి సెలెక్ట్ చేస్తే ఈ మిశ్రమం పిక్సెల్స్ సెలెక్షన్‌లోకి రావు కాబట్టి పాత ఎరుపుతో అలాగే ఉండిపోతాయి. థ్రెషోల్డ్ పెంచితే అవి లోపలికి వస్తాయి, కానీ పావు ఎరుపు ఉన్నదానికీ ముప్పావు ఉన్నదానికీ తేడా లేకుండా అన్నీ నిండు నీలం అయిపోతాయి. అందుకే మెట్లు కనిపిస్తాయి, గీత కూడా సన్నబడుతుంది. ఏ థ్రెషోల్డ్ పెట్టినా ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి తప్పదు.

మనకి కావలసింది ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు వాటా ఎంతుందో అంతే వాటా నీలం పెట్టడం. కొత్త నీలం (40, 90, 200) అయితే, సగం సగం ఉన్న ఆ పిక్సెల్ (32, 55, 118) అవ్వాలి. పావు వంతుది దాదాపు (28, 38, 77) అవ్వాలి. లెక్క ఇంతే, ఇందులో t అంటే ఎరుపు వాటా:

```
t    = (పిక్సెల్ R - గీత R) / (ఎరుపు R - గీత R)
     = (112 - 24) / (200 - 24) = 0.5
కొత్త = t * నీలం + (1 - t) * గీత
```

ఈ లెక్కని ప్రతి పిక్సెల్‌కీ GIMP తోనే చేయించొచ్చు. దానికి `Color to Alpha` ఉంది. చాలామంది దాన్ని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికే వాడతారు గానీ, అది చేసే పని పిక్సెల్‌లోంచి ఒక రంగు వాటాని విడదీసి, ఆ మేరకు పారదర్శకత ఇవ్వడం. మనకి కావలసింది అదే.

ముందు ఇమేజ్ ఇండెక్స్‌డ్ మోడ్‌లో ఉంటే `Image > Mode > RGB` చేయండి. ఇండెక్స్‌డ్‌లో పాక్షిక పారదర్శకత నిలవదు. తర్వాత స్ప్రైట్ లేయర్‌ని రెండుసార్లు డూప్లికేట్ చేయండి. ఇప్పుడు మూడు లేయర్లు ఉన్నాయి కదా. అన్నిటికంటే కిందది అసలుది, దాన్ని కంటి గుర్తు నొక్కి దాచేయండి, పోల్చి చూడటానికి తర్వాత కావాలి. మధ్యది రంగు నింపడానికి. పైది అంచుల కోసం.

ఇప్పుడు కేప్ చుట్టూ ఫ్రీ సెలెక్ట్‌తో సెలెక్షన్ గీయండి. టూల్ ఆప్షన్స్‌లో యాంటీ అలియాసింగ్, ఫెదర్ రెండూ ఆపేయండి. అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది ఈ పనే. సెలెక్షన్ గీత కేప్ అంచు మీద కాకుండా ముదురు గీత నడిమధ్యలోంచి, అంటే (24, 20, 36) ఏ కల్తీ లేకుండా ఉన్న పిక్సెల్స్ మీదుగా పోవాలి. ఆ పిక్సెల్స్ రంగు మారదు కాబట్టి సెలెక్షన్ ఎంత కరుకుగా ఉన్నా అక్కడ అతుకు కనబడదు. బయటి వైపు, గీతకీ ఖాళీకీ మధ్య సగం పారదర్శకంగా ఉండే పిక్సెల్స్‌ని సెలెక్షన్ అసలు తాకకూడదు. వాటిలో ఎరుపు లేదు, మార్చాల్సిందీ లేదు.

పై లేయర్ ఎంచుకుని `Colors > Color to Alpha` తెరవండి. `Color` లో కేప్ ఎరుపుని పెట్టండి. తర్వాత `Opacity threshold` పక్కన ఉన్న పికర్‌తో ముదురు గీతని నొక్కండి. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు. దాన్ని డిఫాల్ట్‌గా ఉన్న 1 మీదే వదిలేస్తే, గీత రంగు పూర్తి నలుపు కాదు కాబట్టి GIMP అందులో కూడా కొంచెం ఎరుపు ఉందనే లెక్క వేస్తుంది. మన అంకెలతో అయితే గీత 88% మాత్రమే ఒపేక్‌గా మిగులుతుంది. కింద నీలం పెట్టగానే గీత అంతా నీలంగా మసకేస్తుంది. పికర్‌తో గీతని చూపిస్తే విలువ 0.690 దగ్గర ఆగుతుంది, గీత నూటికి నూరు శాతం నిలుస్తుంది, సగం సగం పిక్సెల్ సరిగ్గా 50% అవుతుంది. తర్వాత `Select > Invert` చేసి Delete నొక్కి, పై లేయర్‌లో కేప్ తప్ప మిగతాదంతా తీసేయండి. లేకపోతే స్ప్రైట్ బయటి అంచు రెండు లేయర్లలోనూ ఉండి, సగం పారదర్శకంగా ఉన్నవి ఒకదాని మీద ఒకటి పడి దళసరిగా కనిపిస్తాయి.

మళ్లీ `Select > Invert` చేసి మధ్య లేయర్‌కి వెళ్లండి. లేయర్స్ ప్యానెల్‌లో ఆల్ఫా లాక్ నొక్కి, సెలెక్షన్ మొత్తం ఒకే రంగుతో నింపండి. ఆల్ఫా లాక్ ఉంటే, కేప్ చివర ముదురు గీత లేకుండా నేరుగా ఖాళీకి తగిలే చోట కూడా అంచు పారదర్శకత ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

ఏ రంగు నింపాలి? మొదట నీలం నింపకండి, పాత ఎరుపునే నింపండి. వింతగా అనిపించొచ్చు గానీ నేను ఈ పరీక్ష ఎప్పుడూ వదలను. పాత రంగుతో తిరిగి కలిపితే బొమ్మ అసలుదానిలాగే రావాలి. దాచిన అసలు లేయర్‌ని అన్నిటికంటే పైకి తెచ్చి, కనిపించేలా చేసి, మోడ్ `Difference` పెట్టండి. స్ప్రైట్ మొత్తం నల్లగా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. కేప్ అంచు వెంబడి సన్నటి వెలుగు గీత కనబడితే, ఎక్కువసార్లు కారణం ఒక్కటే: GIMP 2.10 కొత్త లేయర్లని లీనియర్ లెక్కలో కలుపుతుంది, మీ అంచులు మామూలు RGB అంకెల లెక్కలో ఉన్నాయి. పై లేయర్ మీద రైట్ క్లిక్ చేసి `Blend Space`, `Composite Space` రెండిట్లోనూ `RGB (perceptual)` పెట్టండి. వెలుగు గీత పోతుంది. కేప్ అంచు మీద కాకుండా స్ప్రైట్ బయటి అంచు మీద వెలుగు కనబడితే మాత్రం సెలెక్షన్ ఆ ముదురు గీతని దాటి బయటికి పోయిందని అర్థం.

పరీక్ష అయ్యాక అసలు లేయర్‌ని మళ్లీ దాచేసి, మధ్య లేయర్‌లో అదే సెలెక్షన్‌ని నీలంతో నింపండి. ఇక ఆకుపచ్చ కావాలన్నా, ఊదా కావాలన్నా ఈ ఒక్క నింపుడే మారుతుంది. పై లేయర్ జోలికి వెళ్లక్కర్లేదు. అవుట్‌లైన్ రంగు అన్ని ఫ్రేముల్లోనూ ఒకటే అయితే స్ప్రైట్ షీట్ మొత్తం మీద ఒకేసారి చేసుకోవచ్చు.

ఇంకొక్కటి చూడండి. మధ్య లేయర్‌ని కాసేపు దాచి పై లేయర్‌ని ఒక్కదాన్నే చూస్తే, అంచు పిక్సెల్స్ పలచబడిన గీత రంగులోనే ఉండాలి. ఎక్కడైనా ఎర్రగా కనబడితే అక్కడ ఎరుపు పూర్తిగా విడిపోలేదన్నమాట. సాధారణంగా అక్కడ మూడో రంగు కలిసి ఉంటుంది. కేప్ మధ్యలో గీత లేకుండా నేరుగా చర్మానికి తగిలే చోటు ఉంటే, ఆ ముక్కని వేరే సెలెక్షన్‌గా తీసుకుని, `Opacity threshold` పికర్‌తో గీతకి బదులు చర్మం రంగుని చూపించండి.

ఇదంతా కేప్ ఒకే రంగులో ఉంటేనే. దానిలో నీడ కూడా ఉంటే, ఎరుపు నుంచి ముదురు ఎరుపుకి, అక్కడినుంచి గీతకి వెళ్లే మిశ్రమాలన్నిటినీ `Color to Alpha` ఒక్కటే విడదీయలేదు, ఎందుకంటే దానికి రెండు రంగుల లెక్కే తెలుసు. అలాంటప్పుడు నేను `Colors > Map > Gradient Map` వాడతాను. గీత, నీడ, నిండు రంగు అనే వరుసలో ఒక గ్రేడియంట్ తయారు చేసుకోవాలి. అది ప్రతి పిక్సెల్ వెలుతురుని చూసి గ్రేడియంట్‌లో ఆ స్థానంలో ఉన్న రంగుని పెడుతుంది, అందువల్ల మధ్యస్థ పిక్సెల్స్‌కి మధ్యస్థ రంగులే వస్తాయి. ఇక్కడా మొదట పాత రంగులతోనే గ్రేడియంట్ చేసి, `Difference` దాదాపు నల్లబడేదాకా స్టాప్‌ల స్థానాలు జరిపి, ఆ తర్వాతే రంగులు మార్చండి. స్థానాలు మాత్రం కదపకండి. నీడకీ నిండు రంగుకీ వెలుతురులో తేడా లేకుండా రంగులో మాత్రమే తేడా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, రెండూ ఒకే చోట పడతాయి.

`Hue-Saturation` తో రంగు తిప్పితే సరిపోదా అని అడుగుతారు కొందరు. అంచులు బాగానే ఉంటాయి, కానీ ఎరుపుని తిప్పితే సరిగ్గా (40, 90, 200) రావడం కష్టం. పైగా మన గీతలో నీలం ఛాయ ఉంది, సెలెక్షన్‌లో ఉన్నంతమేర అది కూడా తిరిగిపోయి కేప్ చుట్టూ గీత రంగు వేరేగా కనిపిస్తుంది. ఏదో ఒక నీలం చాలు అనుకుంటే, గీత పూర్తి నలుపో బూడిదో అయితే, నిశ్చింతగా వాడొచ్చు.

కేప్, చర్మం, గీత మూడూ ఒకే బిందువులో కలిసే పిక్సెల్స్ మాత్రం ఈ పద్ధతులకి లొంగవు. ఒక్క పిక్సెల్‌లో మూడు వాటాలు ఉంటే పై లెక్క అక్కడికి చాలదు. ఒక ఫ్రేమ్‌లో అలాంటివి కొన్నే ఉంటాయి. పక్కనున్న రెండు మంచి పిక్సెల్స్ రంగు చూసి, వాటి మధ్యస్థం పెన్సిల్ టూల్‌తో పెట్టేయండి.